రెండో తీగతో తగువు

గిటారు మీద నాలుగైదు కార్డులు చేతికి వచ్చినవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. తీగలన్నీ శ్రుతి చేసుకుని సీ కార్డు పడితే, ఏదో ఒక తీగ మిగతావాటితో కలవకుండా విడిగా వినిపిస్తుంది. వెతికితే అది చాలాసార్లు రెండో తీగే అవుతుంది. దాన్ని కాస్త బిగిస్తే సీ కార్డు కుదురుతుంది కానీ, అంతకుముందు ఇంపుగా మోగిన మూడో తీగ, రెండో తీగల జంట చెడుతుంది. వదులు చేస్తే జంట కుదురుతుంది, కార్డు చెడుతుంది. ఇలా కాసేపు కీలు తిప్పీ తిప్పీ విసిగిపోయాక, ‘ఈ గిటారులో శ్రుతి నిలవదు’ అన్న తీర్పు వచ్చేస్తుంది.

ఆ తీర్పులో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. తీగను ఎక్కడ నిలపాలో అక్కడ నిలపకపోవడం ఒకటి. సరిగ్గా నిలిపిన తీగ తర్వాత జారిపోవడం మరొకటి. మొదటిది శ్రుతి చేసే పద్ధతికి సంబంధించింది. రెండోది తీగకు, చెక్కకు, వాతావరణానికి సంబంధించింది. వీటిని విడదీసి చూస్తేనే ఏది ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది.

ఆరు తీగల్లో అన్నిటికన్నా సన్నది మొదటిది, లావుది ఆరోది. ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా ట్యూనర్ తెర మీద వరుసగా E, A, D, G, B, E అని కనిపించాలి. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇంకోలా చెబితే తేలిగ్గా ఉంటుంది. ఆరో తీగను షడ్జమం అనుకుంటే అయిదో తీగ దాని శుద్ధ మధ్యమం. అయిదో తీగకు నాలుగోది, నాలుగోదానికి మూడోది కూడా అంతే. మూడో తీగ దగ్గరికి వచ్చేసరికి ఈ వరుస మారుతుంది. మూడో తీగ షడ్జమమైతే రెండో తీగ మధ్యమం కాదు, అంతర గాంధారం. రెండో తీగ నుంచి మొదటి తీగకు మళ్లీ మధ్యమమే. మన తగువంతా ఆ ఒక్క గాంధారం దగ్గర పుడుతుంది.

ముందు ట్యూనర్ సంగతి. గిటారు తలకు క్లిప్పులా పట్టుకునే ట్యూనర్ చెక్కలోని కంపనాన్ని గ్రహిస్తుంది కాబట్టి గదిలో మాటలు, ఫ్యాను చప్పుడు దానికి అడ్డురావు. ఫోన్‌లోని యాప్ మైకుతో వింటుంది కనుక దానికి నిశ్శబ్దం కావాలి. ఏదైనా సరే, మొదట దాని తెర మీద A=440 అని ఉందో లేదో చూడాలి. సెకనుకు 440 కంపనాలున్న స్వరాన్ని ప్రమాణంగా తీసుకోవడమన్నమాట. పొరపాటున బటన్ నొక్కుకుపోయి ఆ అంకె 432కి మారితే గిటారు మొత్తం మూడో వంతు అర స్వరం దిగిపోతుంది. ఒంటరిగా వాయించుకుంటే ఆ తేడా తెలియదు. కీబోర్డుతో కలిసి వాయించినప్పుడు మాత్రం అసలు పొసగదు.

తీగను మీటిన తక్షణం ట్యూనర్ ముల్లు కొంచెం పైకి వెళ్లి, ఆ వెంటనే కిందికి వచ్చి నిలుస్తుంది. అది ట్యూనర్ తప్పు కాదు. గట్టిగా మీటిన తీగ మొదట్లో ఎక్కువ వెడల్పుగా ఊగుతుంది, అలా ఊగేటప్పుడు దాని బిగువు కాస్త పెరుగుతుంది, అందుకే స్వరమూ కాస్త పెరుగుతుంది. ఊపు తగ్గాక అసలు స్థాయికి వస్తుంది. కాబట్టి మధ్యరకంగా మీటి, ముల్లు కుదురుకున్నాక చదవాలి. ఆరో తీగ లాంటి లావు తీగల్లో పై స్వరాలు ఎక్కువగా మోగి ట్యూనర్ తడబడితే, పన్నెండో ఫ్రెట్ పైన బొటనవేలి కండతో మెల్లగా మీటితే ముల్లు నిలకడగా ఉంటుంది. మిగతా తీగలు మోగకుండా అరచేతితో ఆపడం మరిచిపోకూడదు.

కీ తిప్పడంలో నేను గట్టిగా పట్టుబట్టే నియమం ఒకటే. శ్రుతికి ఎప్పుడూ కింది నుంచి పైకే చేరాలి. తీగ హెచ్చుగా ఉంటే సరిపోయేదాకా దించి వదిలేయకూడదు. కావలసినదానికన్నా కిందికి బాగా దించి, మళ్లీ బిగిస్తూ పైకి రావాలి. దించుతూ ఆపితే కీలోని పళ్లచక్రాల మధ్య కొంచెం సందు మిగులుతుంది. తల దగ్గర నట్ గాడిలో తీగ కొంచెం పట్టుకుని ఉంటుంది. నాలుగుసార్లు గట్టిగా వాయించగానే ఆ సందు, ఆ పట్టు వదిలి తీగ కిందికి జారుతుంది. బిగిస్తూ వచ్చి ఆపితే జారడానికి అలాంటి అవకాశం దాదాపు ఉండదు.

ఆరు తీగలూ అయ్యాక మళ్లీ మొదటి నుంచి ఒకసారి చూడాలి. అకూస్టిక్ గిటారు మీద ఉక్కు తీగలన్నీ కలిసి దాదాపు 70 కిలోల బరువుతో లాగుతుంటాయి. చివరి తీగలు బిగించేసరికి మెడ, పైపలక వెంట్రుకవాసి వంగి, మొదట బిగించిన తీగలు కొంచెం వదులవుతాయి. తీగలన్నీ బాగా దించి ఉన్న గిటారును శ్రుతి చేసేటప్పుడు ఈ తేడా చాలా ఎక్కువగా ఉంటుంది. రెండోసారి చూడకుండా వదిలేసినవాళ్లే, ‘ట్యూనర్‌తో చేసినా కలవలేదు’ అంటుంటారు.

ఇప్పుడు చెవి. రెండు తీగలు దాదాపు ఒకే స్వరంలో మోగుతున్నప్పుడు శబ్దం ‘వావ్... వావ్... వావ్’ అంటూ పెరిగి తగ్గుతూ ఉంటుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ పుస్తకంలో విస్పందనాలు అని చదువుకున్నది దీన్నే. ఒక తీగ సెకనుకు 110 సార్లు, రెండోది 112 సార్లు కంపిస్తే సెకనుకు రెండు అలలు వినిపిస్తాయి. 111కి తెస్తే ఒకటి. ఇంకా దగ్గరికి తెస్తే అల సాగిపోయి రెండు మూడు సెకన్లకొకటి వస్తుంది. పూర్తిగా కలిస్తే ఆగిపోతుంది. స్వరజ్ఞానం లేదనుకునేవాళ్లు కూడా ఈ అలను వినగలరు. ఏది హెచ్చో ఏది తగ్గో చెవికి తెలియకపోయినా ఫరవాలేదు. కీ తిప్పుతుంటే అల నెమ్మదిస్తే సరైన దారిలో ఉన్నట్టు, వేగం పెరిగితే ఎదురుదారిలో ఉన్నట్టు.

అందరికీ మొదట నేర్పే పద్ధతి ఈ అలల మీద ఆధారపడిందే. ఆరో తీగను అయిదో ఫ్రెట్‌లో నొక్కితే వచ్చే స్వరం, ఖాళీ అయిదో తీగ స్వరం ఒకటే. అలాగే అయిదో తీగ అయిదో ఫ్రెట్‌తో నాలుగో తీగ, నాలుగో తీగ అయిదో ఫ్రెట్‌తో మూడో తీగ కలపాలి. మూడో తీగను మాత్రం నాలుగో ఫ్రెట్‌లో నొక్కి రెండో తీగ కలపాలి. చివరికి రెండో తీగ అయిదో ఫ్రెట్‌తో మొదటి తీగ. ఇది మంచి పద్ధతే కానీ లోపం ఒకటుంది. ప్రతి తీగా దాని పక్క తీగను నమ్ముకుని ఉంటుంది. ఒక మెట్టులో వచ్చిన చిన్న తేడా తర్వాతి మెట్టుకు అప్పుగా వెళుతుంది. అర స్వరాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని సెంటు అంటారు. ఒక్కో మెట్టులో రెండు సెంట్లు ఒకే వైపు తప్పితే, ఆరో తీగకూ మొదటి తీగకూ మధ్య పది సెంట్ల తేడా పేరుకుంటుంది. ఆ రెండూ కలిపి మోగితే అది దాగదు.

ఇంతవరకు అలలు నిజమే చెబుతాయి. ఒకే స్వరాన్నీ, స్థాయి భేదమున్న ఒకే స్వరాన్నీ పోల్చినప్పుడు అల ఆగిందంటే తీగలు కలిసినట్టే. మూడో తీగను, రెండో తీగను ఖాళీగా కలిపి మీటి, ఆ జంటలోని అల ఆగేదాకా కీ తిప్పడమే తప్పుదారి. చెవి చురుకైనవాళ్లే ఈ దారిలో ఎక్కువగా వెళతారు, ఎందుకంటే అక్కడ దొరికే ఇంపు నిజమైనది.

ఆ లెక్క ఒకసారి చూద్దాం. మూడో తీగ సెకనుకు 196 సార్లు కంపిస్తుంది. ట్యూనర్ అడిగే ప్రకారం రెండో తీగ 246.94 దగ్గర ఉండాలి. కానీ ఏ తీగా ఒక్క స్వరంతో మోగదు. దానిలో రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, అయిదింతలుగా పై స్వరాలు కూడా ఉంటాయి. మూడో తీగలోని అయిదో పై స్వరం 980. రెండో తీగలోని నాలుగో పై స్వరం దాదాపు 987.8. ఈ రెండిటి మధ్య సెకనుకు ఎనిమిది దాకా అలలు గరగరలాడుతూ వినిపిస్తాయి. రెండో తీగను మెల్లగా దించుతూ పోతే ఆ గరగర నెమ్మదించి, తీగ 245 దగ్గరికి వచ్చినప్పుడు పూర్తిగా ఆగిపోతుంది. 196కు 245 సరిగ్గా నాలుగుకు అయిదు నిష్పత్తి. అది సహజమైన అంతర గాంధారం. తంబూరాలో మంద్ర షడ్జమం తీగ మోగుతున్నప్పుడు ఎవరూ మీటకుండానే వినిపించే గాంధారం అదే. తంబూరా పక్కన కూర్చుని పాడిన చెవి ఆ చోటు కోసమే వెతుకుతుంది, దొరకగానే ‘కలిసింది’ అంటుంది.

ఇప్పుడు అదే తీగతో సీ కార్డు పట్టండి. రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో వచ్చే స్వరం 261.63 ఉండాలి. మనం తీగను దించాం కనుక అది 259.56 దగ్గర మోగుతుంది. అదే కార్డులో అయిదో తీగ మూడో ఫ్రెట్‌లో సరిగ్గా ఒక స్థాయి కింద అదే స్వరం 130.81 దగ్గర ఉంది. దాని రెండింతలు 261.62. ఒకే స్వరం రెండు చోట్ల రెండు విధాలుగా పలుకుతూ సెకనుకు రెండు అలలు వేస్తుంది. స్థాయి భేదమున్న ఒకే స్వరంలో తేడాను చెవి అసలు క్షమించదు. డీ కార్డులో రెండో తీగ మూడో ఫ్రెట్‌కూ, ఖాళీ నాలుగో తీగకూ మధ్య కూడా ఇదే జరుగుతుంది. ఆఖరుకు జీ కార్డులోనే అయిదో తీగ రెండో ఫ్రెట్ స్వరం ఈ దించిన రెండో తీగతో పేచీ పెట్టుకుంటుంది. ఒక జంట ఇంపు కోసం మనం తగ్గించింది 14 సెంట్లే. దాని భారం మిగతా కార్డులన్నిటి మీదా పడింది.

మరి ఫ్రెట్లను సహజ గాంధారానికి తగ్గట్టు ఎందుకు బిగించరు అని అడగవచ్చు. ఫ్రెట్ ఆరు తీగల కింద అడ్డంగా వేసిన ఒకే కమ్మీ. ఒక తీగ మీద గాంధారానికి తగినచోట దాన్ని జరిపితే, పక్క తీగ మీద మధ్యమమో పంచమమో చెడుతుంది. గిటారుకు ముందున్న ల్యూట్ వాద్యకారులకు కూడా ఇదే ఇబ్బంది. శాస్త్రజ్ఞుడు గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ స్వయంగా ల్యూట్ వాయించేవాడు. ఆయన 1581లో అచ్చువేసిన గ్రంథంలో ఒక తేలికైన సూత్రం చెప్పాడు. మిగిలిన తీగ పొడవును 18 భాగాలు చేసి ఒక భాగం దగ్గర ఫ్రెట్ పెట్టాలి. అక్కడి నుంచి మిగిలినదాన్ని మళ్లీ 18 భాగాలు చేయాలి. అలా పన్నెండు ఫ్రెట్లు పెడితే తీగలో దాదాపు సగానికి వస్తుంది. ఈనాటి తయారీదారులు వాడే అంకె 17.817. సూత్రం మాత్రం అదే. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేయడం, ఏ కార్డూ పూర్తిగా సహజం కాకపోయినా ఏదీ భరించలేనంతగా చెడకుండా తేడాను అందరికీ పంచడం. ఈ పంపకంలో పంచమానికి పడింది రెండు సెంట్లే. గాంధారానికి మాత్రం 14 పడ్డాయి. అందుకే గిటారు గాంధారం ఎప్పుడూ కొంచెం హెచ్చుగా, కొంచెం కరుకుగా ఉంటుంది. ఆ కరుకును అలాగే ఉండనివ్వాలి.

హార్మోనిక్‌లతో శ్రుతి చేసే పద్ధతిలోనూ ఇలాంటి చిక్కే చిన్న పాళ్లలో ఉంది. ఆరో తీగను అయిదో ఫ్రెట్ పైన, అయిదో తీగను ఏడో ఫ్రెట్ పైన తాకీ తాకనట్టు ముట్టి మీటితే గంటల్లాంటి రెండు స్వరాలు వస్తాయి. వాటి అల ఆగేలా కలపడం చూడముచ్చటగా ఉంటుంది. కానీ అలా వచ్చే సహజ మధ్యమం ఫ్రెట్ల మధ్యమం కన్నా రెండు సెంట్లు చిన్నది. ఆరు నుంచి మూడో తీగ దాకా ఇలాగే వస్తే మూడో తీగ ఆరు సెంట్లు దిగి ఉంటుంది. దాన్ని నమ్మి రెండో తీగ దగ్గరికి వెళితే గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

నాకు నచ్చిన పద్ధతి వేరు. దీనిలో అయిదో తీగ ఒక్కటే పెద్ద, మిగతావన్నీ దాని మాటే వింటాయి. 440 శ్రుతిదండం ఉంటే అయిదో తీగ అయిదో ఫ్రెట్ హార్మోనిక్‌ను దానితో కలపాలి. ఆ రెండూ ఒకే స్వరం. దండం లేకపోతే ఆ ఒక్క తీగను ట్యూనర్‌తో చేసుకున్నా చాలు. తర్వాత అయిదో తీగ పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ మీటి వదిలేస్తే అది మోగుతూనే ఉంటుంది, ఎడమచెయ్యి ఖాళీ అవుతుంది. ఆ చేత్తో నాలుగో తీగను ఏడో ఫ్రెట్‌లో నొక్కి మీటాలి. రెండూ ఒకే స్వరం కావాలి. మళ్లీ అదే హార్మోనిక్ మీటి, మూడో తీగను రెండో ఫ్రెట్‌లో నొక్కి కలపాలి. ఇక తగువులమారి రెండో తీగ. అయిదో తీగ అయిదో ఫ్రెట్ హార్మోనిక్ మీటి, రెండో తీగను పదో ఫ్రెట్‌లో నొక్కితే అదీ ఇదీ ఒకటే. మొదటి తీగను అయిదో ఫ్రెట్‌లో నొక్కినా అదే స్వరం. చివరగా ఆరో తీగను అయిదో ఫ్రెట్‌లో నొక్కి ఖాళీ అయిదో తీగతో కలపాలి.

ఈ పద్ధతిలో ఎక్కడా గాంధారం లేదు, మధ్యమం లేదు. ప్రతిచోటా పోల్చేది ఒకే స్వరాన్ని. కాబట్టి ప్రతిచోటా అల నిజమే చెబుతుంది. ఒక తీగలో వచ్చిన పొరపాటు ఆ తీగలోనే ఉండిపోతుంది తప్ప పక్కదానికి పాకదు. తీగను నొక్కేటప్పుడు పక్కకు లాగకుండా, ఫ్రెట్‌కు దగ్గరగా, మోగడానికి సరిపడేంత మాత్రమే నొక్కాలి. గట్టిగా అదిమితే ఆ తీగ హెచ్చుగా పలికి, తీరా ఖాళీ తీగ దిగిపోయి ఉంటుంది.

ఇక రెండో సంగతి, సరిగ్గా నిలిపిన తీగ ఎందుకు జారుతుందన్నది. నింద మొదట కీల మీదే పడుతుంది. కానీ కీ లోపల మరచుట్లున్న ఇరుసు ఒక పళ్లచక్రాన్ని తిప్పుతుంది. కీని 14 నుంచి 18 చుట్లు తిప్పితే తీగ చుట్టుకునే కమ్మీ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఈ అమరికలో ఇరుసు చక్రాన్ని తిప్పగలదే కానీ చక్రం ఇరుసును వెనక్కి తిప్పలేదు. తీగ ఎంత లాగినా కీ దానంతటది తిరగదు. కీని తలకు పట్టి ఉంచే మరలు వదులైతే బిగించుకోవాలి. అది చూసుకున్నాక కారణాన్ని వేరేచోట వెతకడం మంచిది.

కొత్త తీగలు వేసిన మొదటి రోజుల్లో జారేది ఎక్కువగా కమ్మీ చుట్టూ ఉన్న చుట్లే. వదులుగా పడిన చుట్లు బిగువుకు ఒకదాని మీద ఒకటి సర్దుకుంటూ తీగను కొంచెం కొంచెంగా వదులుతాయి. సన్న తీగలకు రెండు మూడు చుట్లు చాలు. గట్టిగా ఉంటుందని ఏడెనిమిది చుట్లు వేస్తే జారే చోట్లు పెరుగుతాయంతే. తీగ వేసి శ్రుతికి తెచ్చాక పన్నెండో ఫ్రెట్ దగ్గర వేళ్లతో పట్టుకుని పైకి మెల్లగా లాగాలి, దిగిన శ్రుతిని మళ్లీ పెంచాలి, మళ్లీ లాగాలి. లాగినా దిగనప్పుడు ఉక్కు తీగ స్థిరపడినట్టే. క్లాసికల్ గిటారు నైలాన్ తీగల దారి వేరు. అక్కడ ప్లాస్టిక్కే బిగువు కింద రోజుల తరబడి సాగుతుంది. కొత్త నైలాన్ తీగలను కచేరీ రోజు పొద్దున వేయకూడదు.

పాత తీగలు కూడా జారుతుంటే, ముఖ్యంగా మూడోది, నాలుగోది జారుతుంటే, నట్‌ను అనుమానించాలి. ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ఆ చిన్న పట్టీ గాళ్లలోంచి తీగలు తల వైపు వెళతాయి. అటు మూడు ఇటు మూడు కీలున్న గిటారులో ఈ రెండు తీగలు అన్నిటికన్నా దూరంగా ఉన్న కీలకు పక్కకు వంగి వెళ్లాలి, అందుకే గాడిలో ఎక్కువగా ఒరుసుకుంటాయి. గాడి తీగను పట్టుకుంటే కీ తిప్పినా కాసేపు స్వరం మారదు, తర్వాత ‘టింగ్’మని ఒక్కసారిగా గెంతుతుంది. ఇంకా కచ్చితమైన పరీక్ష ఒకటుంది. తీగను శ్రుతి చేసి, దాన్ని ఫ్రెట్ మీద గట్టిగా పక్కకు లాగి వదిలి ట్యూనర్ చూడండి. స్వరం దిగి ఉంటుంది. ఇప్పుడు నట్‌కు కీకి మధ్యనున్న తీగ ముక్కను వేలితో నొక్కి వదలండి. దిగిన స్వరం మళ్లీ పైకి వస్తే కారణం నట్టే. లాగినప్పుడు ఇటు వచ్చిన తీగ గాడి పట్టు వల్ల వెనక్కి వెళ్లలేకపోయింది, మనం నొక్కేసరికి వెళ్లింది. పైకి రాకపోతే చుట్లు జారినట్టు. నట్‌కు వైద్యం చవకే. తీగ వదులు చేసి పక్కకు తీసి, గాడిలో మెత్తటి పెన్సిల్‌తో రుద్దితే ఆ నల్లపొడి తీగ జారడానికి సాయపడుతుంది. ఇంతకుముందుకన్నా లావు తీగలు వేయడం వల్ల గాడి ఇరుకైతే దాన్ని అరగదీయాలి. ఆ పని మాత్రం మరమ్మతు తెలిసినవాళ్లకు వదలాలి, ఎందుకంటే గాడి లోతు ఎక్కువైతే తీగ ఫ్రెట్‌కు తగిలి జరజరమంటుంది.

వేడి చేసే పని చాలామందికి అంతుపట్టదు, కానీ దాని లెక్క అందమైనది. 65 సెంటీమీటర్ల సాదా ఉక్కు తీగను మొదటి తీగ శ్రుతికి బిగించినప్పుడు అది దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు సాగి ఉంటుంది. రెండో తీగ రెండున్నర. ఎలక్ట్రిక్ గిటారులోని సాదా మూడో తీగ ఒకటిన్నర పైచిలుకు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే అంత పొడవు ఉక్కు మిల్లీమీటరులో పదో వంతుకన్నా కొంచెం తక్కువ సాగుతుంది. ఏ తీగకైనా అంతే. కానీ నాలుగున్నరలో అది పోవడం వేరు, ఒకటిన్నరలో పోవడం వేరు. లెక్క ప్రకారం మొదటి తీగ 14 సెంట్ల దాకా దిగితే, రెండోది పాతిక, సాదా మూడోది 40 దాకా దిగాలి. చెక్క కూడా వేడికి కొంచెం సాగుతుంది కాబట్టి వాస్తవంలో తేడా ఇంతకన్నా తక్కువే ఉంటుంది, కానీ ఈ వరుస మాత్రం మారదు. ఎలక్ట్రిక్ గిటారులో మూడో తీగ నిలకడ లేనిదని చెడ్డపేరు తెచ్చుకోవడానికి ఇది ఒక కారణం. అకూస్టిక్ గిటారులో మూడో తీగ చుట్టిన తీగ. లోపలి ఉక్కు సన్నగా ఉండి ఎక్కువ సాగి ఉంటుంది కాబట్టి అది అంతగా కదలదు.

మే నెలలో ఎండలో వచ్చి ఏసీ హాల్లో అడుగుపెట్టినప్పుడు ఇదే తిరగబడుతుంది. తీగలు నిమిషాల్లో చల్లబడి బిగుసుకుని శ్రుతి హెచ్చుతుంది. చెక్క మాత్రం నెమ్మదిగా చల్లబడుతుంది. వచ్చీ రాగానే శ్రుతి చేస్తే అరగంటకు అది మళ్లీ మారిపోతుంది. కేసు తెరిచి గిటారును వేదిక దగ్గర కాసేపు ఉంచి, ఆ గాలికి అలవాటుపడ్డాక శ్రుతి చేస్తే రెండోసారి కష్టం తప్పుతుంది. చేతి వేడి కూడా తక్కువది కాదు. అయిదు నిమిషాలు వాయించి తీగలు వెచ్చబడ్డాక చేసిన శ్రుతే కచేరీలో నిలుస్తుంది.

గాలిలో తేమ ఇంత వేగంగా పనిచేయదు కానీ లోతుగా పనిచేస్తుంది. చెక్క తేమ పీల్చి ఉబ్బినప్పుడు పైపలక బ్రిడ్జ్ దగ్గర కొద్దిగా పైకి లేస్తుంది, తీగలు బిగుసుకుంటాయి, ఫ్రెట్లకు తీగలకు మధ్య ఎత్తు పెరుగుతుంది. ఎండినప్పుడు పలక దిగి తీగలు వదులవుతాయి. సముద్రం ఒడ్డున కాకినాడలోనో విశాఖలోనో వానాకాలమంతా హెచ్చుతూ ఉండే గిటారును ఎండాకాలంలో హైదరాబాదు తెస్తే కొన్ని వారాల పాటు దిగుతూ ఉంటుంది. గిటారు చెక్కకు 45 నుంచి 55 శాతం తేమ హాయి. ఎయిర్ కూలర్ ఎదురుగా గోడకు తగిలించిన గిటారు తడిగాలిని తిన్నగా పీలుస్తుందని మన ఇళ్లలో గుర్తుపెట్టుకోవాలి. కేసులో పెట్టి మూసినది ఇంత తొందరగా మారదు.

ఖాళీ తీగలన్నీ ట్యూనర్‌లో సరిగ్గా ఉండి, నొక్కిన స్వరాలే తప్పుతుంటే అది జారడం కాదు. ఒక్కో తీగను మొదటి ఫ్రెట్‌లో నొక్కి ట్యూనర్ చూడండి. అన్నీ హెచ్చుగా చూపిస్తుంటే నట్ గాళ్ల లోతు చాలదు. తీగ ఎత్తులో ఉండి, నొక్కడానికి ఎక్కువ లాగవలసి వస్తోంది. సీ కార్డులో రెండో తీగ మొదటి ఫ్రెట్‌లోనే ఉంటుంది కాబట్టి ఇక్కడా ముందు బయటపడేది అదే. మొదటి ఫ్రెట్ బాగుండి పన్నెండో ఫ్రెట్‌లో తేడా ఉంటే, అక్కడే హార్మోనిక్‌తో పోల్చాలి. నొక్కిన స్వరం, హార్మోనిక్ రెండూ ఒకటే కావాలి. కాకపోతే వెంటనే శాడిల్ మీద చెయ్యి వేయవద్దు. ముందు తీగ వయసు చూడండి. చెమట పట్టే చేతులతో ఉప్పుగాలి ఊళ్లో నెలల తరబడి వాయించిన తీగ కొన్నిచోట్ల తుప్పుతో తిని ఉంటుంది, కొన్నిచోట్ల మురికితో బరువెక్కి ఉంటుంది. అలా ఎగుడుదిగుడైన తీగ పై స్వరాలు ఒక క్రమంలో ఉండవు. ట్యూనర్ ముల్లు దాని మీద నిలకడగా నిలవదు, చెవికి అల ఆగే చోటే దొరకదు. వేలి గోటిని తీగ కింది వైపు మెల్లగా జరిపితే ఫ్రెట్ల మీద పడిన నొక్కులు చేతికి తగులుతాయి. అప్పుడు ఆరు తీగలూ ఒకేసారి మార్చి, స్థిరపడేదాకా లాగి, పన్నెండో ఫ్రెట్‌లో మళ్లీ పోల్చాలి. అప్పటికీ తేడా మిగిలితేనే శాడిల్‌ను కదిలించాలి.